దెబ్బ మెడలో, చచ్చుబడేది చెయ్యి

బైకు డివైడర్‌ను ఢీకొంటుంది. నడుపుతున్న కుర్రాడు ఎగిరి ఎడమ భుజం మీద పడతాడు. హెల్మెట్ పుణ్యమా అని తలకేమీ కాదు. స్కానింగ్‌లో మెదడు బాగానే ఉందని తేలుతుంది. కాలర్ బోన్ విరిగిందని కట్టు కట్టి ఇంటికి పంపిస్తారు. నొప్పి కాస్త తగ్గాక ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. చెయ్యి భుజం నుంచి వేలాడుతోంది తప్ప పైకి లేవడం లేదు, మోచెయ్యి మడత పడడం లేదు. కానీ వేళ్లు కదులుతున్నాయి, ఇచ్చిన గ్లాసును పట్టుకుంటున్నాడు. ఎముక అతుక్కుంటే అన్నీ సర్దుకుంటాయిలే అనుకుని అందరూ ఎదురుచూస్తారు.

కానీ ఇక్కడ పోయింది చేతిలోని కండ కాదు, ఎముకా కాదు. ఆ కండలకు ఆజ్ఞలు మోసుకెళ్లే నరాలు మెడ పక్కనే సాగిపోయాయి, లేదా తెగిపోయాయి. ఆ నరాల అల్లికకు వైద్యులు పెట్టిన పేరు బ్రాకియల్ ప్లెక్సస్. తల ఒక పక్కకు, భుజం ఇంకో పక్కకు ఒక్కసారిగా విసురుగా వెళ్లినప్పుడు మధ్యలో ఉన్న ఈ నరాలు తాడులా లాగబడతాయి. బైకు ప్రమాదంలో సరిగ్గా జరిగేది అదే.

మెడ ఎముకల మధ్య నుంచి ఒక్కో వైపు ఐదు నరాల వేర్లు బయటికి వస్తాయి. పై నుంచి కిందికి వాటిని సీ5, సీ6, సీ7, సీ8, టీ1 అంటారు. ఈ ఐదూ నేరుగా చేతిలోకి దిగిపోతే వ్యవహారం సులువుగా ఉండేది. కానీ పెద్ద రైల్వే జంక్షన్‌లో పట్టాల్లా ఇవి కలుస్తాయి, చీలతాయి, మళ్లీ కొత్తగా జతకడతాయి.

మొదట సీ5, సీ6 కలిసి పై ట్రంక్ అవుతాయి. సీ7 ఒంటరిగా నడు ట్రంక్. సీ8, టీ1 కలిసి కింది ట్రంక్. కాలర్ బోన్ వెనక్కి వచ్చేసరికి ప్రతి ట్రంకూ ముందు పాయ, వెనక పాయ అని రెండుగా చీలుతుంది. ఈ చీలిక వెనక ఒక తర్కం ఉంది. ముందు పాయలు ముఖ్యంగా చేతిని మడిచే కండలకు, వెనక పాయలు చాచే కండలకు వెళ్తాయి. చంక దగ్గర ఈ ఆరు పాయలూ రక్తనాళం చుట్టూ మూడు కార్డులుగా కూడుకుంటాయి. మూడు వెనక పాయలూ కలిస్తే వెనక కార్డు. పై, నడు ట్రంకుల ముందు పాయలు కలిస్తే బయటి కార్డు. కింది ట్రంకు ముందు పాయ ఒక్కటే లోపలి కార్డుగా సాగుతుంది.

ఆ కార్డుల నుంచి చివరికి ఐదు పెద్ద నరాలు దిగుతాయి. భుజాన్ని పక్కకు ఎత్తే డెల్టాయిడ్ కండకు యాక్సిలరీ నరం. మోచెయ్యిని మడిచే కండలకు మస్క్యులోక్యుటేనియస్. మోచెయ్యి, మణికట్టు, వేళ్లు చాచడానికి రేడియల్. బొటనవేలి వైపు పట్టుకు మీడియన్. చిటికెన వేలి వైపు, అరచేతిలోని సన్నటి కండలకు అల్నార్. వీటిలో యాక్సిలరీ, రేడియల్ వెనక కార్డు నుంచి పుడతాయి. మీడియన్‌కు సగం బయటి కార్డు, సగం లోపలి కార్డు ఇస్తాయి.

ఈ పటం చేతిలో ఉంటే డాక్టరు పని డిటెక్టివ్ పనే. మన కుర్రాడి సంగతి చూడండి. డెల్టాయిడ్ పని చేయడం లేదు, కాబట్టి యాక్సిలరీ నరం దెబ్బతిందా? భుజం కీలు జారినప్పుడు ఈ నరం ఒక్కటే నలిగిపోవడం మామూలే. కానీ అప్పుడు మోచెయ్యి మడవగలగాలి. ఇతనికి అదీ రావడం లేదు. పోనీ, మస్క్యులోక్యుటేనియస్ కూడా విడిగా తెగిందా? అది వేరే కార్డు నుంచి వచ్చే నరం. రెండూ ఒకేసారి వేర్వేరుగా తెగడం అరుదు. పైగా భుజం ఎముకను బయటివైపు తిప్పే కండ కూడా మూగబోయింది. దాని నరం ఈ ఐదింటిలోనిది కాదు, ఇంకా పైన, పై ట్రంకు దగ్గరే విడిపోతుంది. ఈ మూడు నష్టాలూ ఒకే చోట కలిసే స్థలం ఏది? సీ5, సీ6, వాటితో ఏర్పడ్డ పై ట్రంకు. భుజం బయటి అంచు, బొటనవేలు మొద్దుబారడం కూడా దీన్నే బలపరుస్తుంది.

చేతి ఆకారం కూడా ఆ మాటే చెబుతుంది. చెయ్యి ఒంటికి అంటుకుని, లోపలివైపు తిరిగి, మోచెయ్యి చాచుకుని, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంటుంది. దీన్ని ఎర్బ్ పాల్సీ అంటారు. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఎర్బ్ పేరు మీద వచ్చిన మాట ఇది. కాన్పు కష్టమై బిడ్డ భుజం ఇరుక్కున్నప్పుడూ ఇదే జరుగుతుంది. జర్మనీ చక్రవర్తి రెండో కైజర్ విల్‌హెల్మ్ 1859లో ఎదురుకాళ్లతో పుట్టాడు. ఆ కాన్పులో అతని ఎడమ చెయ్యి దెబ్బతిని, కుడిచేతి కన్నా పొట్టిగా, బలహీనంగా ఉండిపోయింది. ఫోటోల్లో ఆ చేతిని కత్తి పిడి మీదో, గ్లవ్స్ పట్టుకునో కనబడకుండా సర్దుకునేవాడు. ఇలా పుట్టిన పిల్లల్లో ఎక్కువ మందికి నరాలు తమంతట తామే కోలుకుంటాయి. మూడు నెలలకు మోచెయ్యి మడవడం మొదలుకాకపోతే మాత్రం నిపుణులకు చూపించి తీరాలి.

దెబ్బ కింది వైపు తగిలితే కథ తలకిందులవుతుంది. చెట్టు మీది నుంచి జారిపడుతున్న మనిషి చేతికందిన కొమ్మను పట్టుకుని వేలాడితే, చెయ్యి పైకి లాగబడి సీ8, టీ1 సాగుతాయి. అప్పుడు భుజం ఎత్తగలడు, మోచెయ్యి మడవగలడు, కానీ అరచేతిలోని సన్నటి కండలు చచ్చుబడి వేళ్లు గోళ్లలా వంకరపోతాయి. చిటికెన వేలు, ముంజేతి లోపలివైపు స్పర్శ పోతుంది. దీన్ని క్లుంప్కే పాల్సీ అంటారు. 1885లో దీన్ని వివరించిన ఆగస్టా క్లుంప్కే అప్పటికి పారిస్‌లో వైద్యం చదువుతున్న యువతి. టీ1 వేరు వెన్నుపాము దగ్గర పెకలిస్తే ఆ పక్క కంటి రెప్ప వాలుతుంది, కనుపాప చిన్నదవుతుంది. కంటికి వెళ్లే ఒక నరపు దారి ఆ వేరు పక్కగా పోవడమే కారణం. చేతి దెబ్బకు కంటిని పరీక్షించడం అందుకే.

అసలు చిక్కు ప్రశ్న ఇంకొకటుంది. నరం దారిలో తెగిందా, లేక వెన్నుపాము నుంచి వేరుతో సహా పెకలించుకు వచ్చిందా? దారిలో తెగితే కలిపే ఆశ ఉంటుంది. పెకలిస్తే దాన్ని తిరిగి వెన్నుపాముకు అతికించే మార్గం మామూలుగా లేదు. ఈ తేడా తెలుసుకోవడానికి ఎంఆర్ఐతో పాటు ఒక విచిత్రమైన పరీక్ష ఉంది. స్పర్శను మోసే నరపు కణాల కేంద్రాలు వెన్నుపాములో కాక, దాని బయట ఒక చిన్న గడ్డలాంటి భాగంలో ఉంటాయి. వేరు పెకలినప్పుడు తెగేది వెన్నుపాముకూ ఆ గడ్డకూ మధ్య. అంటే గడ్డ నుంచి వేళ్ల దాకా నరం చెక్కుచెదరకుండా బతికే ఉంటుంది. వేలికి కరెంటు పెట్టి పరీక్షిస్తే సంకేతం చక్కగా నడుస్తుంది. మనిషికి మాత్రం ఆ వేలు తెలియదు, ఎందుకంటే సంకేతం మెదడుకు చేరే దారే లేదు. ఇక్కడ రిపోర్టు బాగుందంటే వార్త చెడ్డదన్న మాట. అదే గడ్డ దాటాక తెగితే, కింది నరం పది రోజుల్లో చచ్చి సంకేతమే రాదు. భుజం రెక్క పొడుచుకు రావడం, మొద్దుబారిన చేతిలోనే భరించలేని మంట, కరెంటు షాకుల్లాంటి నొప్పి కూడా వేరు పెకలిన గుర్తులే. ఇలాంటి పరీక్షలు ప్రమాదం జరిగిన మరుసటి రోజే చేస్తే ఉపయోగం లేదు. మూడు, నాలుగు వారాలు ఆగితేనే ఫలితం నమ్మదగ్గది.

అక్కడి నుంచి గడియారంతో పరుగు. తెగిన నరం మళ్లీ పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మెడ నుంచి అరచేతి దాకా 70 సెంటీమీటర్లనుకుంటే 700 రోజులు కావాలి. కానీ నరం అందని కండ ఏడాది, ఏడాదిన్నరకు మించి ఎదురుచూడదు. ఆ తర్వాత నరం వచ్చినా అందుకోలేదు. పెద్దవాళ్లలో మెడ దగ్గర ఎంత బాగా కుట్టినా అరచేతి సన్నటి కండలు తిరిగి రాకపోవడానికి కారణం ఇదే. పిల్లల్లో దూరం తక్కువ కాబట్టి ఆశ ఎక్కువ.

ఈ లెక్కను తప్పించుకునే ఉపాయాన్ని పారిస్ సర్జన్ క్రిస్టోఫ్ ఒబెర్లిన్ 1994లో ప్రచురించాడు. దెబ్బతిన్న చోటును వదిలేసి, కండ పక్కనే ఉన్న మంచి నరంతో పని కానివ్వడం ఆ పద్ధతి. మన కుర్రాడికి వేళ్లు కదులుతున్నాయి, అంటే అల్నార్ నరం బాగుంది. ఆ నరంలోని సన్నటి పోగుల్లో ఒకదాన్ని వేరు చేసి, జబ్బలోనే బైసెప్స్ కండకు వెళ్లే కొమ్మకు కుడతారు. ఒక పోగు ఇచ్చినంత మాత్రాన అరచేతి బలం పెద్దగా తగ్గదు. నరం పెరగాల్సింది కొద్ది సెంటీమీటర్లే కాబట్టి కొన్ని నెలల్లోనే బైసెప్స్ అదిరే సూచనలు కనిపిస్తాయి. మొదట్లో అతను మోచెయ్యి మడవాలంటే పిడికిలి బిగించాల్సి వస్తుంది. ఆ పోగు పాత పని పిడికిలికీ మణికట్టుకూ సంబంధించింది మరి. అభ్యాసం మీద మెదడు కొత్త పని నేర్చుకుంటుంది, పిడికిలి బిగించకుండానే మోచెయ్యి మడుస్తుంది. భుజానికి మెడ పక్కనే ఉన్న స్పైనల్ యాక్సెసరీ నరం నుంచి సాయం తీసుకుంటారు. ఐదు వేర్లూ పోయిన చేతికి ఇచ్చేందుకు దగ్గర్లో మంచి నరమే ఉండదు. అప్పుడు పక్కటెముకల నరాలు వాడతారు, అందులోనూ ముందు మోచెయ్యి మడత, తర్వాత భుజం నిలకడ అన్న వరుసలోనే వెళ్తారు.

కొన్ని దెబ్బల్లో నరం తెగదు, సాగి మూగబోతుంది. అలాంటివి వాటంతట అవే తేరుకుంటాయి. అందుకే సర్జన్లు సాధారణంగా మూడు నెలల దాకా గమనిస్తారు. మెరుగుదల లేకపోతే మూడు నుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. వేరు పెకలిన రుజువులు స్పష్టంగా ఉంటే అంత కాలం కూడా ఆగరు. ఏడాది గడిచాక వచ్చిన రోగికి నరం కలపడం కన్నా వేరే కండలు మార్చి పెట్టే ఆపరేషన్లే మిగులుతాయి.

కాబట్టి ప్రమాదం తర్వాత చెయ్యి లేవకపోతే, వేళ్లు మొద్దుబారితే ఎముక అతికేదాకా ఆగకండి. తైలాలూ మర్దనాలతో నెలలు పోగొట్టుకోకండి. చేతికి స్లింగ్ వేసి, కీళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు రెండో చేతితో వాటిని రోజూ కదిలించండి. నరాల శస్త్రచికిత్స చేసే ప్లాస్టిక్ సర్జన్‌కో, న్యూరో సర్జన్‌కో, చేతి సర్జన్‌కో మొదటి నెలలోనే చూపించండి.