ఇంట్లో మాట, బడిలో మౌనం: ఆరేళ్ల పిల్లల సందర్భ మౌనం – కోనసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఇంట్లో ధారాళంగా మాట్లాడే పిల్లలు బడిలో నెలల తరబడి ఒక్క మాట కూడా పలకకపోవడాన్ని మనోవైద్యం ‘సెలెక్టివ్ మ్యూటిజం’ అంటుంది. దీనిని తెలుగులో ‘సందర్భ మౌనం’ అనవచ్చు. ఇది మొండితనం కాదు, తెలివితక్కువతనమూ కాదు. ఇది భయానికి సంబంధించిన స్థితి. ఈ మౌనం ఎలా స్థిరపడుతుందో, దానిని మెట్లు మెట్లుగా ఎలా సడలించవచ్చో కోనసీమ గ్రామీణ నేపథ్యంలో ఒక నమూనా ఉదాహరణ ద్వారా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం

బడిలో నోరు విప్పని పిల్లను గురించి ఊళ్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి ‘నోట్లో నాలుక లేని పిల్ల’ అన్న మెచ్చుకోలు. రెండవది ‘మూగనోము పట్టింది’ అన్న విసుగు. మొదటి మాట సమస్యను సుగుణంగా చూపుతుంది. రెండవది ఆ పిల్ల కావాలనే మాట్లాడటం లేదని సూచిస్తుంది. మాట త్వరగా రావాలని పసిపిల్లలకు వసకొమ్ము అరగదీసి నాకించే ఆచారమూ మనకున్నది. అయితే ఇక్కడ మాట రాకపోవడం సమస్య కాదు. వచ్చిన మాట ఒకచోట వినిపించి, మరొకచోట ఆగిపోవడమే సమస్య.

వైద్యశాస్త్రం కూడా ‘మూగనోము’ భావన నుండి బయటపడటానికి చాలాకాలం పట్టింది. 1877లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ దీనిని స్వచ్ఛందంగా మాట మానడమనే అర్థం వచ్చే పేరుతో వర్ణించాడు. 1934లో స్విట్జర్లాండుకు చెందిన బాలల మనోవైద్యుడు మోరిట్జ్ ట్రామర్ ‘ఎలెక్టివ్ మ్యూటిజం’ అన్నాడు; ఈ పేరులోనూ పిల్ల తానే మౌనాన్ని ఎంచుకుంటుందన్న ధ్వని ఉన్నది. 1994లో అమెరికన్ మనోవైద్య సంఘం తన వర్గీకరణలో ఆ పదాన్ని ‘సెలెక్టివ్’గా మార్చింది. 2013 నాటి అయిదవ కూర్పులో ఈ స్థితిని ఆందోళన రుగ్మతల వర్గంలో చేర్చింది. ‘మాట్లాడను’ అన్న అవగాహన నుండి ‘మాట్లాడలేను’ అన్న అవగాహనకు జరిగిన ప్రయాణమిది. చికిత్స స్వరూపం ఈ మార్పుపైనే ఆధారపడి ఉన్నది.

2. గుర్తించే విధానం

సందర్భ మౌనం అని నిర్ధారించాలంటే మాట్లాడకపోవడం కనీసం ఒక నెల కొనసాగాలి. బడిలో చేరిన మొదటి నెలను ఈ లెక్కలోకి తీసుకోరాదు. ఆంధ్రప్రదేశ్‌లో బడులు జూన్ నెలలో తెరుస్తారు కనుక, ఒకటవ తరగతిలో కొత్తగా చేరిన పిల్ల జూలై మొదటి వారంలో మౌనంగా ఉంటే అది కొత్త బెరుకు కావచ్చు. దసరా సెలవుల నాటికి కూడా ఆ పిల్ల గొంతు ఉపాధ్యాయురాలు వినలేదంటే ఆలోచించవలసిందే.

బోధనా భాష తెలియకపోవడం వల్ల కలిగే మౌనాన్ని సందర్భ మౌనంగా పరిగణించరాదు. ఆంగ్ల మాధ్యమ తరగతులున్న నేటి బడుల్లో ఈ నియమం ముఖ్యమైనది. దీనిని తేల్చుకోవడానికి సులభమైన మార్గమున్నది. పిల్ల ఆంగ్ల ప్రశ్నలకు మాత్రమే జవాబివ్వదా, లేక తెలుగులో పలకరించినా, ఆటస్థలంలో తోటిపిల్లలు పిలిచినా పలకదా అన్నది గమనించాలి. తెలుగులోనూ, ఆటలోనూ మౌనమే ఉంటే భాష ఒక్కటే కారణమని చెప్పలేము.

ఇంట్లో పిల్ల సహజంగా మాట్లాడుతుండగా ఫోనులో తీసిన రెండు మూడు నిమిషాల వీడియో వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. వాక్యనిర్మాణం, ఉచ్చారణ, ఎదుటివారి మాటకు స్పందించే తీరు అందులో తెలుస్తాయి. వినికిడి పరీక్ష తప్పక చేయించాలి. ఇంట్లోనూ మాటల ఇచ్చిపుచ్చుకోలు కష్టంగా ఉంటే ఆటిజం వంటి ఇతర కారణాలను పరిశీలించవలసి ఉంటుంది.

3. మౌనం స్థిరపడే తీరు

ఉపాధ్యాయురాలు ‘నీ పేరేమిటమ్మా?’ అని అడుగుతుంది. పిల్ల శరీరం బిగుసుకుపోతుంది, చూపు నేలకు దిగుతుంది. కొన్ని క్షణాల తరువాత పక్కనున్న పిల్ల ‘ఆ అమ్మాయి మాట్లాడదు టీచర్’ అంటుంది. ఉపాధ్యాయురాలు జాలిపడి తరువాతి పిల్లవైపు తిరుగుతుంది. ఆ క్షణంలో భయం తగ్గుతుంది. పిల్లకు ఉపశమనం, పక్క పిల్లకు సాయం చేసిన తృప్తి, ఉపాధ్యాయురాలికి ఇబ్బంది తప్పిన నిశ్చింత. మౌనం వల్ల ముగ్గురికీ ఊరట లభించింది కనుక మరునాడూ అదే జరుగుతుంది. భయం కలిగించే పనిని తప్పించుకోగానే కలిగే ఊరట ఆ తప్పించుకోవడాన్నే బలపరుస్తుందన్నది ప్రవర్తనావాద మనోవిజ్ఞానంలోని ప్రాథమిక సూత్రం. ఇక్కడ ఎవరి తప్పూ లేదు. అందరి మంచితనం కలిసి మౌనాన్ని అలవాటుగా మారుస్తుంది.

క్రమంగా తరగతిలో ఆ పిల్లకు ‘మాట్లాడని అమ్మాయి’ అన్న పేరు స్థిరపడుతుంది. అటుపైన మాట్లాడటమంటే భయాన్ని దాటడమే కాదు, అందరి కళ్లూ తనవైపు తిరిగే సంఘటనను ఎదుర్కోవడం కూడా. అందువల్ల ఆలస్యమయ్యేకొద్దీ పని కష్టమవుతుంది.

4. మెట్ల పద్ధతి: ఒక నమూనా ఉదాహరణ

ఈ పద్ధతికి ఆధారం ఒకే సూత్రం: మాట ఇప్పటికే ఎక్కడ ఉన్నదో అక్కడినుండి మొదలుపెట్టాలి. వ్యక్తి, స్థలం, పని అనే మూడింటిలో ఒకసారి ఒక్కదానినే మార్చాలి. బ్రిటన్‌కు చెందిన వాక్చికిత్సా నిపుణులు మ్యాగీ జాన్సన్, అలిసన్ వింట్‌జెన్స్ ఈ విధానాన్ని తమ గ్రంథంలో విపులంగా వివరించారు.

రాజోలు ప్రాంతపు ఒక గ్రామంలో ఒకటవ తరగతి చదివే ఆరేళ్ల బాలికను ఉదాహరణగా భావించవచ్చు. ఇది వివరణ కోసం కల్పించుకున్న నమూనా మాత్రమే. తల్లి ఉపాధికై గల్ఫ్‌లో ఉన్నది. కోనసీమ గ్రామాల్లో ఇది అరుదైన విషయం కాదు. బాలిక అమ్మమ్మ వద్ద పెరుగుతున్నది. అమ్మమ్మతో, రాత్రిపూట వీడియో కాల్‌లో తల్లితో ఎంతో మాట్లాడుతుంది. తల్లి దూరంగా ఉండటమే మౌనానికి కారణమని తొందరపడి తీర్మానించరాదు. తల్లి ఇంట్లోనే ఉన్న పిల్లల్లోనూ ఈ స్థితి కనిపిస్తుంది. ఇక్కడ గమనించవలసినది, అమ్మమ్మ సమక్షంలో మాట ఉన్నదన్న విషయం. కనుక బడిలోకి మాటను తీసుకొచ్చే వ్యక్తి ఆమే.

*మొదటి మెట్టు: స్థలం మార్పు.* బడి గంటకు అరగంట ముందు ఖాళీ తరగతి గదిలో అమ్మమ్మ, మనుమరాలు తలుపు వేసుకుని చింతపిక్కలతో ఆడుకుంటారు. పిక్కలను పైకి లెక్కపెట్టడమే ఆట. వ్యక్తి పాతది, పని పాతది, స్థలం ఒక్కటే కొత్తది. పదిహేను నిమిషాలకు మించకుండా, వారానికి మూడు రోజులు ఇలా సాగుతుంది. ఇంటి గొంతుతో లెక్క వినిపించేవరకు తరువాతి మెట్టు ఎక్కరాదు.

*రెండవ మెట్టు: వ్యక్తి ప్రవేశం.* ఉపాధ్యాయురాలు ముందురోజే పిల్లకు ఏం జరగబోతుందో చెబుతుంది: ‘రేపు నేను వరండాలో ఉంటానమ్మా, లోపలికి రాను.’ మొదట ఆమె వరండాలో ఉంటుంది. తరువాత తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది. ఆపై ఆమె గుమ్మంలో, తరువాత గదిలో దూరంగా తన పని చూసుకుంటూ, చివరకు పక్కనే కూర్చుంటుంది. ఈ దశలో ఆమె పిల్లను చూడదు, ప్రశ్నించదు. పిల్ల గొంతు తగ్గినా ఆగినా ఆమె ఒక అడుగు వెనక్కి వెళుతుంది.

*మూడవ మెట్టు: వంతుల లెక్క.* అమ్మమ్మ ‘ఒకటి’, పిల్ల ‘రెండు’, ఉపాధ్యాయురాలు ‘మూడు’ అంటూ లెక్క ముగ్గురి మధ్య తిరుగుతుంది. లెక్కలో తరువాతి మాట ముందే తెలుసు, తప్పు పలుకుతానేమోనన్న భయం ఉండదు. అందుకే మొదటి మాటగా సంఖ్య ఎంతో అనువైనది. తరువాత వారాల పేర్లు, ఆపై ‘కొబ్బరికాయా, అరటిపండా?’ వంటి ఎంపిక ప్రశ్నలు, చివరకు స్వేచ్ఛగా జవాబిచ్చే ప్రశ్నలు వస్తాయి.

*నాలుగవ మెట్టు: అమ్మమ్మ తప్పుకోవడం.* ఉపాధ్యాయురాలు వచ్చిన దారినే అమ్మమ్మ తిరిగి వెళుతుంది: పక్కనుండి గుమ్మానికి, గుమ్మం నుండి వరండాకు. ఇప్పుడు లెక్క ఇద్దరి మధ్య సాగుతుంది.

*అయిదవ మెట్టు: తోటిపిల్లలు.* పిల్ల ఇష్టపడే ఒక స్నేహితురాలిని ఇదే పద్ధతిలో చేర్చుకోవాలి. తరువాత ఇద్దరిని, ముగ్గురిని చేర్చి, చివరకు తరగతి వేళలో చిన్న జట్టుగా కూర్చోబెట్టాలి. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ టీచర్’ అనడం తేలికగా కనిపించినా, అది తరగతి నిశ్శబ్దంగా వినే మాట కనుక చివరి మెట్లలో ఉండాలి.

5. ఎదురయ్యే వైఫల్యాలు

ఈ పద్ధతి దెబ్బతినేది చాలావరకు తొందర వల్లనే. పిల్ల మొదటిసారి పలికిన రోజున సంతోషంతో ప్రధానోపాధ్యాయుని పిలిచి ‘మళ్లీ చెప్పమ్మా’ అనడం ఇందుకు ఉదాహరణ. ఒకే క్షణంలో వ్యక్తి, పని రెండూ మారిపోయాయి. మాట్లాడితే అందరూ చుట్టుముడతారన్న భయం పిల్లకు నిజమని తోస్తుంది. మాట వచ్చినప్పుడు అది మామూలు విషయమన్నట్టు ఆటను కొనసాగించడమే మేలు. ‘మాట్లాడితే చాక్లెట్ ఇస్తా’ అని పెద్ద పనికి బహుమతి ప్రకటించడమూ ఒత్తిడే. చిన్న మెట్టు పూర్తయినప్పుడు ఒక్క నక్షత్రపు గుర్తు చాలు.

రెండవ లోపం గుసగుస వద్ద ఆగిపోవడం. పిల్ల అమ్మమ్మ చెవిలో చెబితే అమ్మమ్మ ఉపాధ్యాయురాలికి చెప్పడం మొదట సౌకర్యంగానే ఉంటుంది. కానీ గుసగుస స్థిరపడితే అది మౌనానికి మరో రూపమవుతుంది. అటువంటప్పుడు పిల్ల గొంతు మామూలుగా వినిపించిన మెట్టుకు తిరిగి వెళ్లాలి.

మూడవది విద్యా సంవత్సరపు విరామం. వేసవి సెలవుల తరువాత కొత్త గది, కొత్త ఉపాధ్యాయురాలు ఎదురైతే సాధించిన మాట మళ్లీ ఆగవచ్చు. ఏప్రిల్‌లోనే కొత్త ఉపాధ్యాయురాలిని ఆటలోకి చేర్చుకోవడం, బడి తెరిచిన మొదటి వారంలో మొదటి మెట్టును పునరావృతం చేయడం దీనికి పరిష్కారం.

6. మూల్యాంకనం, పరిమితులు

ప్రాథమిక తరగతుల్లో పఠన సామర్థ్యాన్ని ఎక్కువగా మౌఖికంగానే అంచనా వేస్తారు. మౌనంగా ఉన్న పిల్లకు ‘అక్షరాలు రావు’ అని నమోదైతే, చదవగలిగిన పిల్ల వెనుకబడిన జట్టులో చేరిపోతుంది. మాట వచ్చేవరకు పదాన్ని వేలితో చూపించడం, పలకపై రాయించడం, ఇంట్లో చదివిన పాఠాన్ని ఫోనులో రికార్డు చేసి వినడం వంటి మార్గాలు అవసరం. ఇవి తాత్కాలిక వంతెనలే. మెట్ల పద్ధతి ఆపి వీటితోనే సరిపెట్టుకుంటే, మాట్లాడనవసరం లేని ఏర్పాటు శాశ్వతమవుతుంది.

కొన్ని నెలల క్రమమైన ప్రయత్నం తరువాత కూడా కదలిక లేకపోయినా, పిల్ల ఇంట్లోనూ మాట తగ్గించుకుంటున్నా, బడిలో దాహం, మూత్రవిసర్జన అవసరం కూడా తెలుపలేకపోతున్నా బాలల మనోవైద్యుని సంప్రదించాలి. ఔషధాల నిర్ణయం వారిదే. దేశవ్యాప్త టెలీ మానస్ సేవ 14416 సంఖ్య ద్వారా తెలుగులోనూ సలహా లభిస్తుంది.

7. ముగింపు

సందర్భ మౌనంలో పిల్లకు కొత్తగా నేర్పవలసిన భాష ఏదీ లేదు; ఉన్న మాటనే అమ్మమ్మ ఒడి నుండి తరగతి గది వరకు నడిపించాలి. మాట వచ్చిన తరువాత కూడా కొత్త మనుషుల ముందు బెరుకు కొంతకాలం మిగలవచ్చు. కనుక విజయాన్ని ‘ఎంత గట్టిగా మాట్లాడింది’ అన్నదానితో కాక, ‘తన అవసరాన్ని బడిలో తానే చెప్పగలుగుతున్నదా’ అన్నదానితో కొలవడం సముచితం.