కానుక బొమ్మకు నల్లగౌను తొడిగితే నేరమా?

లా చదువుతున్న కూతురికో, మెడిసిన్ సీటొచ్చిన మేనల్లుడికో గౌను, ఏప్రన్ వేసిన ఫొటో ఫ్రేము కట్టించి ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. స్టూడియో వాళ్ల దగ్గర కోట్ల టెంప్లేట్లు సిద్ధంగా ఉంటాయి. ఫొటోలోంచి తల కత్తిరించి, టెంప్లేటు మెడమీద కూర్చోబెట్టి, రంగు కలిపితే పనైపోతుంది. అయితే ఇంకా లాయరు కాని మనిషికి ఆ గౌను వేస్తే దొంగవేషం కిందికి వస్తుందేమోనన్న అనుమానం చేయించేవాళ్లకీ ఉంటుంది, చేసేవాళ్లకీ ఉంటుంది.

చట్టం అన్ని దుస్తుల్నీ ఒకే కంటితో చూడదు. సైనికుడినని నమ్మించడానికి ఆ యూనిఫాం వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. మోసం చేసే ఉద్దేశంతో పోలీసుల్లాంటి ప్రభుత్వోద్యోగుల దుస్తులు వేస్తే 205వ సెక్షన్ పడుతుంది. ప్రైవేటుగా ప్రాక్టీసు చేసే లాయరూ డాక్టరూ ప్రభుత్వోద్యోగులు కారు కాబట్టి నల్లగౌనుకూ తెల్లకోటుకూ ఆ సెక్షన్లు వర్తించవు. ఈ వృత్తులకు వేరే కాపలా ఉంది. హక్కు లేకుండా కోర్టులో వకాల్తా నడిపితే 1961 నాటి అడ్వకేట్స్ యాక్ట్ 45వ సెక్షన్ కింద ఆరునెలల దాకా జైలు. రిజిస్టరులో పేరు లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ యాక్ట్ 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వేషం చూపించి ఎదుటివాడి దగ్గర డబ్బు గుంజితే అది వేరొకరిగా నటించి మోసగించడం. న్యాయ సంహిత 319వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. గోడమీది బొమ్మ వీటిలో ఏ పనీ చేయదు. కాకపోతే ఆ పనులకు సాక్ష్యంగా వాడుకునేలా తయారవుతుందా అన్నదే చూడాలి.

ఒక ఆర్డరు తీసుకుందాం. ఎల్‌ఎల్‌బీ ఆఖరి ఏడాది అమ్మాయి ఫొటో. గౌను, మెడకింద రెండు తెల్లపట్టీల బ్యాండు, వెనక లా పుస్తకాల బీరువా, కింద పేరు, దాని పక్కన ‘అడ్వకేట్, హైకోర్టు’, ఆ కింద ఎన్‌రోల్‌మెంట్ నంబరు. గౌను, బ్యాండు, బీరువా ఉండనివ్వొచ్చు. అవి ఇంట్లోవాళ్ల ఆశను చెబుతాయి. ‘అడ్వకేట్’ అన్న మాట మాత్రం అబద్ధం. డిగ్రీ చేతికొచ్చాక కూడా రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో పేరెక్కితే తప్ప ఎవరూ అడ్వకేట్ కారు. ఆ పైన ఆలిండియా బార్ పరీక్ష కూడా ఉంది. నంబరు ఇంకా ప్రమాదం: అందం కోసం నాలుగంకెలు వేస్తే అది నిజంగా ప్రాక్టీసు చేస్తున్న ఇంకొకరిది కావచ్చు. ఆ రెండూ తీసేసి, పేరుకింద ‘ఎల్‌ఎల్‌బీ, ఫైనల్ ఇయర్’ అనీ సంవత్సరం అనీ వేస్తే కానుక అందం తగ్గదు, చూసినవాళ్లు పొరబడరు.

డాక్టరు బొమ్మలో తెల్లకోటుతో పెద్ద చిక్కు లేదు. మొదటి ఏడాది మెడికో కూడా ల్యాబుకి ఏప్రన్ వేసుకునే వెళ్తాడు. జేబుమీద పేరు, ‘ఎంబీబీఎస్’, రిజిస్ట్రేషన్ నంబరు వచ్చినప్పుడే అది డాక్టరునన్న ప్రకటన అవుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని ఇంకో సంగతుంది. ఏప్రన్ మీదో బ్యాగు మీదో ఎర్ర శిలువ గుర్తు వేయడం చాలా టెంప్లేట్లలో అలవాటు. అది వైద్యుల గుర్తే కాదు. కేంద్రం అనుమతి లేకుండా దాన్ని వాడకూడదని 1960 నాటి జెనీవా కన్వెన్షన్స్ యాక్ట్ చెబుతోంది. దాన్ని చెరిపేయడమే మంచిది.

ఫ్రేములోని బొమ్మ గోడ దాటి పోదు. కంప్యూటరు ఫైలు అలా కాదు. వాట్సాప్ డీపీ అవుతుంది, విజిటింగ్ కార్డు అవుతుంది, క్లినిక్ బోర్డెక్కుతుంది. అందుకే అనుభవమున్న స్టూడియో వాళ్లు అడిగే తీరులోనే తేడా పట్టేస్తారు. కానుక కోసం వచ్చినవాళ్లు సైజు, ఫ్రేము, రంగు అడుగుతారు. ‘బ్యాండుతో పాస్‌పోర్టు సైజు చేయండి, వెనక తెల్లగా ఉండాలి, ఐడీ కార్డు సైజులో ముద్ర కూడా పెట్టండి’ అంటే అది కానుక వ్యవహారం కాదు. ఎవరి బొమ్మ చూసి అయినా సందేహం వస్తే, లాయరైతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో, డాక్టరైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరూ నంబరూ సరిచూసుకోవచ్చు.

నిజమైన లాయరుకి ఇచ్చే కానుకలోనూ ఒక జాగ్రత్త అవసరం. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం, కొన్ని వేడుకలు మినహా, కోర్టు బయట బహిరంగ స్థలాల్లో గౌనూ బ్యాండూ వేసుకోకూడదు. 36వ నియమం కేసుల కోసం ప్రచారం చేసుకోవద్దంటుంది. ఆయన గౌను ఫొటో హాల్లో వేలాడితే ఎవరికీ అభ్యంతరం లేదు. పుట్టినరోజు శుభాకాంక్షలంటూ అదే బొమ్మని ఫోన్ నంబరుతో సహా చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టిస్తే, అభిమానంతో చేసినవాళ్లు బాగానే ఉంటారు, కౌన్సిల్‌కి జవాబు చెప్పుకోవలసింది మాత్రం ఆయనే.