కోతిపిల్ల పట్టు, పిల్లిపిల్ల నిశ్చింత

సుందరకాండలో ఇంద్రజిత్తు హనుమంతుడి మీద బ్రహ్మాస్త్రం వేస్తాడు. దానికి కట్టుబడి హనుమ కదలకుండా పడిపోతాడు. రాక్షసులకు అది చాలదనిపించింది. జనపనార తాళ్లు, చెట్ల నారలు తెచ్చి పైనుంచి బిగించారు. వెంటనే బ్రహ్మాస్త్రం తనంతట తానే విడిపోయింది, ఎందుకంటే ఇంకో కట్టు పడినచోట అది నిలవదు. జరిగిన పొరపాటు ఇంద్రజిత్తుకు తెలిసింది గానీ అప్పటికే చెయ్యి దాటిపోయింది.

శరణాగతి గురించి చెప్పేటప్పుడు శ్రీవైష్ణవ ఆచార్యులు ఈ ఘట్టాన్ని గుర్తుచేస్తారు. నీవే దిక్కని దేవుడితో అంటూనే, ఎందుకైనా మంచిదని తన జపాన్నీ వ్రతాన్నీ మోక్షానికి పూచీగా దగ్గర పెట్టుకునేవాడు బ్రహ్మాస్త్రం మీద నారతాడు బిగిస్తున్నాడని వారి భావం. తాడు తప్పుడు వస్తువేమీ కాదు. అస్త్రం మీద నమ్మకం చాలక దాన్ని తేవడమే తప్పు.

రామానుజుల తర్వాతి తరాల్లో ఈ విషయం మీదే పెద్ద చర్చ నడిచింది. వడకలై వారు కోతిపిల్లను ఉదాహరణగా తీసుకున్నారు. తల్లి కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంటే పిల్ల దాని పొట్టను గట్టిగా పట్టుకోవాలి. మోసేది తల్లే అయినా పట్టు పిల్లది. తెన్‌కలై వారు పిల్లిపిల్లను చూపారు. తల్లి మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకుపోతుంది, పిల్ల చేయవలసింది ఏమీ లేదు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని పండితులు అనేది వీటినే.

తెన్‌కలై సంప్రదాయానికి మూలస్తంభం పిళ్ళై లోకాచార్యులు. ఆయన శ్రీవచనభూషణం ఈ చర్చను చివరి అంచు దాకా తీసుకెళ్లింది. బంగారు కుండ నిండా పుణ్యతీర్థం ఉన్నా ఒక్క చుక్క కల్లు పడితే ఏమవుతుంది? అహంకారం కలిసిన సాధన కూడా అంతేనంటుంది ఆ గ్రంథం. ఇక్కడ అహంకారమంటే గొప్పలు చెప్పుకోవడం మాత్రమే కాదు. జీవుడు భగవంతుడి సొత్తు. సొత్తును కాపాడుకోవడం సొంతదారు పని. నన్ను నేనే కాపాడుకుంటానని సొత్తు బయల్దేరితే, నేను నీవాడను కానని చెప్పినట్టే. అందుకే ఆయన దృష్టిలో శరణాగతి కూడా మోక్షానికి వెల కాదు. నేను శరణు వేడాను కాబట్టి నీవు రక్షించాలి అన్న క్షణాన అదీ ఒక బేరంగా మారిపోతుంది. ద్రౌపది కృష్ణుణ్ణి పిలిచే ముందు స్నానం చేసి రాలేదు కదా అని కూడా గుర్తుచేస్తారు. ఆమె అప్పుడు ఏకవస్త్ర, రజస్వల. అర్హత సంపాదించుకున్నాక పిలుద్దామనుకునే వ్యవధి ఆమెకు లేదు.

దీనికి వేదాంత దేశికులు వేసిన ప్రశ్న చిన్నది కాదు. ఏ కారణమూ లేకుండానే దయ కురిసేట్టయితే అది అందరికీ ఒకేసారి ఎందుకు కురవలేదు? ఒకరిని ఎత్తుకుని మరొకరిని వదిలేస్తే దేవుడికి పక్షపాతం అంటగట్టినట్టే. కాబట్టి జీవుడి వైపు నుంచి ఒక వ్యాజం, అంటే ఒక సాకు ఉండాలన్నారు. ఆ సాకు దయను కొనేది కాదు, అప్పటికే నిండుగా ఉన్న దయకు తలుపు తెరిచేది. రెండు వాదాలనూ పక్కపక్కన చూస్తే మధ్య దూరం అనుకున్నంత ఎక్కువ కాదనిపిస్తుంది. మోక్షం తన కష్టానికి కూలి అని దేశికులూ ఒప్పుకోరు.

మరి పిల్లిపిల్ల దారి సోమరితనానికి దారితీయదా? లోకాచార్యుల వర్గం జవాబు కైంకర్యంలో ఉంది. తులసిమాల కట్టాలి, స్వామికి సేవ చేయాలి, పెద్దలకు పరిచర్య చేయాలి. అయితే అవి మోక్షానికి మెట్లు కావు, భగవంతుడి సొత్తుగా ఉండటంలోని ఆనందం. చేసే పని ఒకటే, మనసులోని లెక్క వేరు. ఒకరోజు మాల కట్టలేకపోతే ఒకరికి స్వామి మెడ బోసిపోయిందన్న బాధ కలుగుతుంది. మరొకరికి తన ఖాతాలో ఒకటి తగ్గిందన్న భయం కలుగుతుంది. సాధన అడ్డుగోడగా మారుతోందని చెప్పే గుర్తు ఆ రెండో భయమే.

పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీ సేనలు శ్రీరంగం మీదికి వచ్చినప్పుడు ఈ ఇద్దరు ఆచార్యులు ఏం చేశారో సంప్రదాయం భద్రంగా చెప్పుకుంటుంది. దేశికులు శవాల నడుమ దాక్కుని, శ్రీభాష్యానికి వ్యాఖ్యానమైన శ్రుతప్రకాశిక తాళపత్రాలను కాపాడారట. రక్షణ భారమంతా దేవుడిదేనన్న లోకాచార్యులు పండు వృద్ధాప్యంలో రంగనాథుడి ఉత్సవమూర్తి వెంట అడవిదారిన దక్షిణానికి నడిచి, మదురై దగ్గరి జ్యోతిష్కుడిలో కన్నుమూశారట. ఆ ఉత్సవమూర్తి ఊళ్లు తిరిగి తిరుమల చేరి కొంతకాలం పూజలందుకుంది. తిరుమల ఆలయంలోని రంగనాయకుల మండపం పేరు అలా వచ్చిందే.