దారి సరైనదే, ఎత్తే తప్పు

2022 మే 23న ప్యారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో వాన పడుతోంది. దిగే విమానాలకు నేలమీంచి రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్ఎస్ ఆ రన్‌వేకు పనిచేయడం లేదు. దాంతో ఒక ఎయిర్‌బస్ ఎ320 ఉపగ్రహాల ఆధారంగా, ఆర్‌ఎన్‌పీ పద్ధతిలో దిగడానికి వచ్చింది.

ఆర్‌నావ్‌లో విమానం నేలమీది బీకన్ల మీదుగానే పోనక్కర్లేదు, మ్యాపులో గుర్తించిన బిందువుల వెంట పోతుంది. ఆర్‌ఎన్‌పీలో అదనంగా తన స్థానం ఎంత నమ్మదగినదో తనే లెక్కగట్టుకుంటుంది. చివరి దశలో ఆ హద్దు సాధారణంగా 0.3 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 555 మీటర్లు. అది మించే ప్రమాదం ఉంటే పైలట్‌ను హెచ్చరిస్తుంది.

కానీ ఆ రోజు ఉపగ్రహాలు చెప్పింది అడ్డంగా ఎక్కడున్నారో మాత్రమే. ఎత్తు చెప్పింది గాలి పీడనం. కంట్రోలర్ పీడనాన్ని 1001 బదులు 1011 అని చెప్పారు. ఒక్కో హెక్టోపాస్కల్‌కు సుమారు 28 అడుగులు తేడా. విమానం ఉండాల్సిన దానికన్నా 280 అడుగులు కిందకు దిగుతున్నా, తెరమీద అంతా సరిగ్గానే కనిపించింది. రన్‌వే కనబడక పైలట్లు మళ్లీ పైకి లేపారు. అప్పటికి నేల 6 అడుగుల దూరంలో ఉంది, రన్‌వే ఇంకా మైలు దాకా ఉంది. రెండోసారీ అదే తప్పు అంకెతో వచ్చినా, ఈసారి రన్‌వే కనబడి సరిదిద్దుకుని క్షేమంగా దిగారు.

ఎత్తును కూడా ఉపగ్రహాలతోనే కొలిచే పద్ధతిలో ఈ పొరపాటుకు తావు లేదు. మన గగన్ వ్యవస్థ చేసేది అదే. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దాని సాయంతో దిగింది. పీడనం మీద ఆధారపడే చోట మాత్రం కంట్రోలర్ చెప్పిన అంకెను రికార్డయిన వాతావరణ ప్రకటనతో పోల్చి చూసుకోవాల్సిందే.