సున్నా దగ్గర ఆగిపోయే ఓటీపీ

దుబాయ్‌లో ఉంటున్న జగిత్యాల కుర్రాడు ఊరికి వచ్చే ముందు బస్సు టికెట్ల యాప్‌లో ఖాతా తెరుస్తున్నాడనుకుందాం. దేశాల జాబితాలో యూఏఈని ఎంచుకోగానే +971 వచ్చింది. పక్క గడిలో, అక్కడ అందరూ చెప్పుకునేట్టే, 05తో మొదలయ్యే తన పదంకెల నంబర్ కొట్టాడు. ఫారం ఒప్పుకుంది. ఓటీపీ మాత్రం రాలేదు.

ఆ మొదటి సున్నా ఆ దేశం లోపల ఫోన్ చేసుకోవడానికే. ముందు +971 ఉంటే సున్నా తీసేయాలి, అప్పుడు మిగిలేవి 9 అంకెలు. ఫారం చేసినవాళ్లు జాబితాలో దేశాలన్నీ పెట్టారు గానీ, లెక్క మాత్రం మన పదంకెలదే ఉంచేశారు. అందుకే తప్పు నంబర్ లోపలికి పోయింది. అతను సున్నా తీసేసి సరిగ్గా కొట్టి ఉంటే ‘10 అంకెలు ఉండాలి’ అని ఆపేసేది!

దేశం మారితే లెక్కా మారాలి. కువైట్ నంబర్‌కు 8 అంకెలే. పోనీ, సున్నా కనిపిస్తే చాలు తీసేద్దామంటే అదీ కుదరదు, ఇటలీ ల్యాండ్‌లైన్లకు దేశం కోడ్ తర్వాత కూడా సున్నా ఉండాల్సిందే. ఈ నియమాలన్నీ గూగుల్ ఉచితంగా ఇస్తున్న libphonenumber లైబ్రరీలో ఉన్నాయి. దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటే చాలు.

మన నంబర్లకూ ఒక చిక్కుంది. కాంటాక్ట్స్ నుంచి కాపీ చేస్తే నంబర్ ‘+91 9xxxx xxxxx’ అని ఖాళీలతో సహా వస్తుంది. గడిలో 10 అక్షరాలకే చోటుంటే చివరి అయిదు అంకెలూ తెగిపోతాయి. మొత్తం తీసుకుని, ఖాళీలూ +91 తీసేసే పని ఫారమే చేసుకోవాలి.

జాబితాలో ఇండియాను పైన ఉంచి, పేరుతోనూ కోడ్‌తోనూ వెతికే వీలివ్వాలి. అమెరికాకూ కెనడాకూ +1 ఒకటే కాబట్టి కోడ్ పక్కన దేశం పేరు తప్పనిసరి. మనిషి ఉన్న చోటును బట్టి దేశాన్ని ఖాయం చేయకూడదు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లి ఫోన్‌లో ఇండియా సిమ్మే ఉండొచ్చు.

ఇక తప్పు చెప్పే తీరు. ‘సరైన నంబర్ ఇవ్వండి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘ఇండియా నంబర్‌కు 10 అంకెలు కావాలి, మీరు 9 కొట్టారు’ అంటే మనిషి వెంటనే సరిచూసుకుంటాడు. ఆ మాట కొడుతుండగా కాదు, గడి దాటాక, గడి కిందే కనిపించాలి. కొట్టిన అంకెలు చెరిగిపోకూడదు. కేవలం ఎర్రగీత గీసి ఊరుకుంటే చూపు లేనివారికి అది అందదు.

ఇన్ని చేసినా ఆ నంబర్ ఆ మనిషిదేనని ఫారం తేల్చలేదు. అది ఓటీపీ పని. ఫారాలు చేసేవారు విడుదలకు ముందు యూఏఈ నంబర్‌ను సున్నాతో ఒకసారి, సున్నా లేకుండా ఒకసారి కొట్టి చూడండి. రెండుసార్లూ ఓటీపీ రావాలి.