ముప్పై నాలుగు డిగ్రీలకే గింత ఉడ్కపోత ఎందుకు?

ఆగస్టు వచ్చిందంటె గద్వాల దిక్కు సీడ్ పత్తి చేన్లల్ల క్రాసింగ్ పని జోరు మీదుంటది. రేపు పూసే మొగ్గను ఇయ్యాల పగటీలి గిల్లి పెట్టాలె, తెల్లారి పొద్దుగాల మగపువ్వు తెచ్చి పొడి అద్దాలె. చెట్లు రొమ్ము ఎత్తుల ఉంటయి, సాళ్ల నడుమ గాలి ఆడదు. గసొంటి చేన్ల పనిచేసే ఒక అక్క నన్ను అడిగింది: "అన్నా, మే నెలల నలభై రెండు డిగ్రీలు కొట్టినా గింత యాష్ట రాలే. ఇప్పుడు ముప్పై నాలుగే అంటున్నరు, అంగి తీసి పిండితె నీళ్లు కారుతున్నయి. ఫోన్ తప్పు చెప్తుందా?"

ఫోన్ తప్పు చెప్తలేదు. మనం చూసే అంకె వేరే. వాతావరణం యాప్ తెరిచి కొంచెం కిందికి జరిపితె Dew point అని ఒక అంకె ఉంటది. తెలుగుల మంచు బిందువు అంటరు. చలికాలం మంచు, పొగమంచు అనుకొని చాలమంది దాన్ని దాటేస్తరు. ఉడ్కపోత సంగతి చెప్పేది మాత్రం ఆ అంకెనే.

దాని అర్థం అలకగనే ఉంటది. గాలిల కంటికి కనపడని నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకుంటది, చల్ల గాలి తక్కువ పట్టుకుంటది. ఇప్పుడున్న గాలిని మెల్లమెల్లగ చల్లబరుస్తూ పోతె ఒక కాడ ఆవిరి ఇముడది, నీటి బొట్లయి బయటపడ్తది. ఏ డిగ్రీ కాడ గట్లయితదో అదే డ్యూ పాయింట్. ఫ్రిజ్‌లకెళ్లి తీసిన సీసా మీద నీళ్లు పడ్తయి చూడు, ఆ సీసా డ్యూ పాయింట్ కంటె చల్లగున్నది కాబట్టే గట్లయితది. గాలిల ఆవిరి ఎంత ఎక్కువుంటె ఈ అంకె అంత పైకి పోతది.

మరి తేమ శాతం అని ఇంకోటి ఉంది కద, అది సాలదా అంటరు. సాలదు. వానకాలం ఒక దినం తీసుకుందాం, డ్యూ పాయింట్ పొద్దంత 24 కాన్నే ఉన్నదనుకో. పొద్దుగాల 26 డిగ్రీలున్నప్పుడు తేమ 89 శాతం చూపిస్తది. పగటీలి 34 అయినప్పుడు 56 శాతమే చూపిస్తది. చూసినోళ్లు తేమ తగ్గింది, గాలి ఆరింది అనుకుంటరు. గాలిల నీళ్లు ఏమీ తగ్గలే. రెండు పూటలా ఘనపు మీటరు గాలిల దాదాపు 21 గ్రాముల ఆవిరి ఉన్నది. గాలి వేడెక్కి పట్టుకునే తాకత్ పెరిగింది కాబట్టి శాతం పడిపోయింది, అంతే.

ఇప్పుడు అక్క ప్రశ్నకు వద్దాం. మన ఒళ్లు చల్లబడేది చెమట కారుడుతోని కాదు, చెమట ఆరుడుతోని. బొట్టు ఆవిరయ్యేటప్పుడు ఒంట్ల వేడిని గుంజుకొని పోతది. కిందికి కారిపోయిన బొట్టుతోని మనకు ఫాయిదా లేదు. ఆరుడు ఎంత తొందరగ అయితదనేది తోలు కాడి ఆవిరికి, బయటి గాలిల ఆవిరికి నడుమున్న తేడా మీద ఉంటది. వేడి పట్టిన తడి తోలు 35 డిగ్రీలుంటె దానికి ఆనుకున్న గాలిల ఘనపు మీటరుకు 40 గ్రాముల దాకా ఆవిరి ఉంటది. మే నెలల 42 డిగ్రీల ఎండ, డ్యూ పాయింట్ 15 అనుకుంటె బయటి గాలిల ఉండేది సుమారు 12 గ్రాములే. తేడా 28. చెమట పట్టినట్టే తెలువదు, ఎప్పటికప్పుడు ఆరిపోతది. ఆగస్టుల బయటనే 21 ఉంటె తేడా 19కి పడిపోయింది. ఆరే జోరు మూడో వంతు తగ్గింది. ఒళ్లు ఏమో అంతే వేడి పుట్టిస్తుంది, పని కూడ అంతే ఉంది. ఆరని చెమట ఒంటి మీద నిలుస్తది, అంగి అతుక్కుంటది, మెడ బంకబంక అయితది. గాలి జిగటగ అయిందనుకుంటం గని జిగట గాలిది కాదు, ఆరకుండ మిగిలిన మన చెమటది.

గట్లని మే నెల మంచిదని నేను చెప్తలేను. 42 డిగ్రీల గాలి తోలు కంటె వేడిది, అది ఒంట్లకు ఎదురు వేడి ఎక్కిస్తది. చెమట కనపడకుండ పోతది కాబట్టి ఎన్ని నీళ్లు పోయినయో తెలువకముందే మనిషి సొమ్మసిల్లుతడు. ఆ రెండు బాధలు వేరు వేరు.

ఇంట్ల రంజన్ ఉంటె ఇదే సంగతి అది కూడ చెప్తది. మట్టి కుండ కూడ చెమట పట్టి చల్లబడేదే. పైన చెప్పిన మే లెక్కన రంజన్ నీళ్లు బాగయితె 24 డిగ్రీల దగ్గరికి దిగుతయి. బయటి గాలి కంటె 18 డిగ్రీలు తక్కువ, పానం లేచొచ్చినట్టుంటది. ఆగస్టు లెక్కన ఎంత దిగినా 26, 27 కాడ ఆగుతయి. కూలర్ కత గూడ అంతే. మేలో 12, 13 డిగ్రీలు తగ్గించే కూలర్ ఆగస్టుల అయిదు తగ్గిస్తె గొప్ప. పైంగ అర్రలకు ఇంకింత ఆవిరి పోస్తది. కిటికీలు మూసి కూలర్ పెట్టుకుంటె ఉడ్కపోత పెంచుకున్నట్టే. గసొంటి దినాలల్ల నీళ్ల మోటరు బంద్ చేసి ఉత్త గాలి తిప్పుకొని, కిటికీలు తెరిచిపెట్టుండ్రి.

రాత్రి కూడ సల్లబడదు. గాలి డ్యూ పాయింట్ దాకా దిగినంక ఆవిరి మంచుబొట్లుగ మారుడు సురువయితది. మారేటప్పుడు అది పట్టుకున్న వేడిని వదులుతది. అందుకే డ్యూ పాయింట్ 24 ఉన్న రాత్రి 24 కంటె కిందికి పోవుడు కష్టం. వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు కాల్వల కింద వరి మళ్లు నీళ్లతోని నిండి ఉన్నప్పుడు, మబ్బు కూడ పట్టి ఉంటె, ఇంట్ల పండుడు ఎట్లుంటదో మీకు చెప్పనక్కర లేదు.

ఫోన్ అంకెను నమ్మాల్నా వద్దా అని అనుమానముంటె ఇంట్లనే చూసుకోవచ్చు. పలుచటి స్టీలు చెంబును బయట తుడిచి, సగం నీళ్లు పోసి, నీడకు పెట్టాలె. బడి ల్యాబుల ఉండే థర్మామీటరు అందుల పెట్టాలె, జరం చూసే థర్మామీటరు దీనికి పనికి రాదు. ఐసు ముక్కలు ఒక్కొక్కటి వేసి కలుపుతుంటె ఒక కాడ చెంబు మెరుపు పోయి మసక పడ్తది. ఆ డిగ్రీ రాసుకోవాలె. ఐసు ఆపినంక మసక పోయే డిగ్రీ కూడ రాసుకొని రెండింటి నడుమ అంకె తీస్తె అదే డ్యూ పాయింట్. చెంబు మీదికి ఊపిరి తగలొద్దు, మన ఊపిరిల ఆవిరితోని ముందుగల్లనే మసక పడ్తది. ప్లాస్టిక్ గిలాసతోని చేస్తె లోపలి చల్లదనం బయటికి తొందరగ రాదు, లెక్క తప్పుతది.

మామూలుగ డ్యూ పాయింట్ 15 లోపుంటె గాలి పొడి. 20 దాటితె జిగట మొదలు. 24 దాటితె పని చేసేటోళ్లకు గండమే. అలవాటును బట్టి ఒకటి రెండు అటిటు అయితది.

నా కోపం ఇక్కడనే. మైదానాలల్ల వడగాలి అని చెప్పాలంటె పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు చేరాలె. ఆగస్టు చేన్ల 34 ఉంటె ఆ లెక్కల అది వడగాలే కాదు. క్రాసింగ్ పనిని చల్లపూటకు జరపలేం, పువ్వు విచ్చేది పొద్దుగాలనే, మొగ్గ గిల్లేది పగటీలే. జరిపేది వీలుకానప్పుడు మిగిలింది నడుమ నడుమ సాళ్లల్లకెళ్లి బయటికొచ్చి, గాలి ఆడే గట్టు మీద నీడకు కూసునుడు. డ్యూ పాయింట్ 24 దాటిన దినం గంటకు పది నిమిషాలు అట్ల కూసుంటె దాన్ని కూలిల కోయొద్దని చేను యజమానులతోని, సీడ్ ఏజెంట్లతోని ముందుగల్లనే మాట్లాడుకోవాలె. చెమట ధారగ కారుతూనే తల తిరిగి, కాళ్లు పిక్కలు పట్టుకుంటె పని ఆపాలె. మనిషి మాట తడబడ్తె ఇగ ఆగొద్దు, ఒళ్లు తడిపి ఇసురుకుంటనే దవాఖానకు తీస్కపోవాలె. తడిపి ఊకుంటె సాలదు. గాలి ఇసరకపోతె ఆ నీళ్లు గూడ ఆరవు.