డన్ అంటే ఎంతవరకు?

సాఫ్ట్‌వేర్ టీముల్లో రోజూ పావుగంట జరిగే స్టాండప్‌లో నిన్న చేసింది, ఇవాళ చేయబోయేది, ఎక్కడ ఆగిందీ చెబుతారు. ఒక నోట్ ఇలా ఉందనుకుందాం: "ఓటీపీ ఫిక్స్ డన్, పీఆర్ రెయిజ్డ్. బ్లాక్డ్ ఆన్ మైగ్రేషన్."

తెలుగులో పెడితే: "ఓటీపీ గడువు ముందే తీరిపోతున్న బగ్‌కి కోడ్ రాశాను, పీఆర్ పెట్టాను, ఇంకా మెర్జ్ కాలేదు. డేటాబేస్ టీమ్ స్టేజింగ్‌లో మైగ్రేషన్ నడిపితేగాని టెస్ట్ చేయలేను."

పీఆర్, మెర్జ్ అలాగే ఉండాలి. గిట్‌హబ్ తెర మీద కనిపించేవి ఆ మాటలే. మెర్జ్‌ను "కలిపాను" అని రాస్తే మెయిన్ బ్రాంచిలోకి చేరిందో లేదో తెలియదు. `fix/otp-timeout` లాంటి బ్రాంచి పేరులో ఒక్క అక్షరం మారినా వెతికితే దొరకదు.

అసలు చిక్కు "డన్", "బ్లాక్డ్"లతోనే. కోడ్ రాయడమా, టెస్ట్ చేయడమా, ప్రొడక్షన్‌కి పంపడమా? "డన్" ఏదీ చెప్పదు. "అయిపోయింది" అని రాసినా అదే తంతు, టెస్టర్ మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిందే. "బ్లాక్డ్" పక్కన ఎవరి కోసం ఆగామో ఉండదు. కాబట్టి వీటిని అనువదించేముందు రాసినవాళ్లనే అడగాలి. ఊహించి పూరిస్తే టెస్టర్ లేని బిల్డ్ కోసం వెతుకుతూ కూర్చుంటాడు.